బిగుతు జడ, వెనక్కి జరిగే నుదురు

కోనసీమలోనో నరసాపురం వైపో ఒక అమ్మాయి జుట్టు రాలుతోందంటే మొదటి నింద నీళ్ళ మీద పడుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో తలంటుకుంటే జుట్టు పీచులా తయారవుతుంది కాబట్టి ఆ మాటకు కొంత ఆధారం ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత వేడి చేసిందని, రక్తం తక్కువైందని, హాస్టల్ తిండి పడలేదని, చదువు బెంగ అని ఒక్కొక్కటే వరుసలోకి వస్తాయి. వీటిలో కొన్ని నిజంగానే జుట్టు రాలుస్తాయి. కానీ నీళ్ళు తల మొత్తాన్నీ తడుపుతాయి. రక్తహీనత కూడా నడినెత్తిని వదిలేసి కణతలనే వెతుక్కుంటూ రాదు. జుట్టు పలచబడింది నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల ముందూ పైనా మాత్రమే అయి, నడినెత్తీ వెనక భాగమూ మునుపటిలాగే ఒత్తుగా ఉంటే, కారణం కూడా ఆ గీతకే పరిమితమై ఉండాలి. అక్కడ రోజూ జరిగేది ఒక్కటే: దువ్వెనతో వెనక్కి లాగి, బిగించి కట్టడం.

చర్మవైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటారు. లాగుడు వల్ల వచ్చే జుట్టు నష్టం ఇది. వైద్య గ్రంథాల్లో దీని మొదటి వర్ణన 1907 నాటిది. గ్రీన్‌లాండ్‌లో తలపైకి బిగించి ముడి వేసుకునే స్త్రీల నుదుటి అంచున జుట్టు పోవడాన్ని ట్రెబిట్ష్ అనే ఆస్ట్రియా వైద్యుడు రాసి పెట్టాడు. మన దేశంలో తలపాగా కింద జుట్టును బిగించి ముడి వేసుకునే సిక్కు పురుషులలోనూ ఇది కనిపిస్తుంది. మంచుదేశపు స్త్రీలకూ పంజాబు పురుషులకూ తిండిలో, నీటిలో, వాతావరణంలో పోలిక లేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ముడి ఒక్కటే.

లాగుడు దెబ్బ అంచునే ఎందుకు తగులుతుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. నుదుటి మీదా కణతల దగ్గరా వెంట్రుకలు సహజంగా ముందుకూ కిందికీ వాలి మొలుస్తాయి. జడ వేసేటప్పుడు వాటిని పూర్తిగా ఎదురు దిశకు తిప్పి వెనక్కి లాగుతాం. నడినెత్తి వెంట్రుకకు పక్కన వందలాది వెంట్రుకలు తోడుగా ఉండి బిగువును పంచుకుంటాయి. అంచు వెంట్రుకకు ఒక వైపు మాత్రమే తోడు ఉంటుంది, రెండో వైపు నుదురు. పైగా అక్కడి వెంట్రుకలు సన్నవి. నున్నగా కనిపించాలని దువ్వే ప్రతి దువ్వుడూ మొదట పట్టుకునేది వాటినే. జడ బరువు కంటే జడ మొదట్లో పడే బిగువే ఎక్కువ చేటు చేస్తుంది. మొదటి రెండు మూడు అల్లికలు తలకు ఆనుకుని ఎంత బిగుస్తాయో, నుదుటి అంచు మీద అంత లాగుడు పడుతుంది. కింద జడ ఎంత వదులుగా అల్లినా ఆ పైబిగువు తగ్గదు.

ప్రతి వెంట్రుక కుదురుకూ ఒక చక్రం ఉంటుంది. కొన్నేళ్ళు పెరుగుతుంది, తర్వాత సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది, ఆ తర్వాత పాత వెంట్రుక రాలి కొత్తది మొదలవుతుంది. ఎడతెగని లాగుడు పెరుగుతున్న కుదురును గడువుకు ముందే విశ్రాంతిలోకి నెడుతుంది. వెంట్రుక ఊడుతుంది, కానీ కుదురు ఇంకా బతికే ఉంటుంది కాబట్టి మళ్ళీ మొలుస్తుంది. మొలిచినదాన్ని జడలోకి అందేంత పొడవు రాగానే మళ్ళీ లాగుతాం. ఇలా జరిగేకొద్దీ వచ్చే వెంట్రుక సన్నబడుతుంది. కుదురు చుట్టూ వాపు నిలిచిపోతుంది. వాపు ఏళ్ళ తరబడి సాగితే, కుదురు మధ్యభాగంలో కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు ఉండే చోటు దెబ్బతింటుంది. అక్కడ కుదురు స్థానంలో నారలాంటి మచ్చ కణజాలం చేరుతుంది. బయటి నుంచి చూస్తే చర్మం మామూలుగానే ఉంటుంది, లోపల కుదురు మాత్రం ఉండదు. శాశ్వత నష్టం అంటే ఇదే.

ఎన్నేళ్ళు బిగిస్తే శాశ్వతమవుతుంది అని అందరూ అడుగుతారు. దీనికి ఏళ్ళ లెక్క చెప్పలేం, ఎందుకంటే శాశ్వతమయ్యేది తల కాదు, ఒక్కొక్క కుదురు. ఒకే కణత మీద ముందు వరసలో కుదుళ్ళు పూర్తిగా చచ్చి ఉండవచ్చు, దాని వెనక వరసలో ఇంకా వాపుతో కొట్టుమిట్టాడుతూ ఉండవచ్చు, దాని వెనక ఆరోగ్యంగా ఉండవచ్చు. కాబట్టి అడగాల్సింది ఇన్నేళ్ళయింది కదా, ఇంకేం లాభం అని కాదు. ఈ గీత మీద ఎక్కడిదాకా పోయింది, ఎక్కడి నుంచి ఇంకా దక్కుతుంది అని. ఈ తేడాను ఇంట్లో అద్దం ముందు కూడా చాలావరకు పోల్చుకోవచ్చు.

ముందుగా ముంగురులను చూడాలి. జుట్టు పలచబడిన పట్టీకి ముందు, అసలు నుదుటి గీత ఉండే చోట, పొట్టి పొట్టి సన్న వెంట్రుకలు ఒక అంచులా మిగిలి ఉంటాయి. వాటి వెనక పలచటి పట్టీ, దాని వెనక ఒత్తైన జుట్టు. 2011లో అమెరికా వైద్యులు ఈ గుర్తుకు ఫ్రింజ్ సైన్ అని పేరు పెట్టారు. చాలామంది తల్లులు ఈ ముంగురులను చూసి కొత్త జుట్టు వస్తోందని సంతోషిస్తారు, లేదా అవి చెదిరి కనిపిస్తున్నాయని ఇంకాస్త నూనె రాసి, చెంపపిన్నులు పెట్టి, ఇంకాస్త గట్టిగా దువ్వుతారు. అవి చాలాసార్లు కొత్తవి కావు. జడలోకి అందనంత పొట్టిగా, సన్నగా ఉండబట్టి లాగుడు తప్పించుకున్నవి. జడలో చేరిన వెంట్రుక పోయింది, చేరనిది మిగిలింది. లాగుడే కారణమని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం తల మీద ఇంకొకటి దొరకదు. ఆ సాక్ష్యాన్నే నూనెతో అదిమేసి జడలో కలిపితే మిగిలినవి కూడా అదే దారి పడతాయి.

రెండోది, లాగుడు ఇప్పటికీ సాగుతోందా అన్నది చెప్పే గుర్తులు. జడ విప్పాక కుదుళ్ళు నొప్పిగా, తాకితే సలుపుగా ఉంటాయి. వెంట్రుకల మొదట్లో చిన్న ఎర్రటి పొక్కులు, కొన్నిటిలో చీము కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా ఉక్కకు వచ్చే చెమటకాయలని వీటిని కొట్టిపారేస్తుంటారు. చెమటకాయలు మెడ మీదా, వీపు మీదా కూడా వస్తాయి. ఇవి మాత్రం జుట్టు బిగిసే గీత వెంటే వస్తాయి, సెలవుల్లో జడ వదులుగా ఉంటే తగ్గి, బడి తెరవగానే మళ్ళీ లేస్తాయి.

ఇంకో గుర్తుంది, అది తరచూ తప్పుడు వైద్యానికి దారితీస్తుంది. వెంట్రుక మొదట్లో దాన్ని చుట్టుకుని తెల్లటి చిన్న గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. లాగుడుకు కుదురు లోపలి పొర ఊడి వెంట్రుకతో పాటు బయటికి వచ్చినవి అవి. చూడగానే పేల గుడ్లు అనుకుని పేల మందు పట్టించి, పేల దువ్వెనతో తల బరబరా గీకుతారు. తేడా చూడటం కష్టం కాదు. పేను గుడ్డు వెంట్రుకకు ఒక పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో నెట్టినా కదలదు. ఈ గొట్టం వెంట్రుకను చుట్టూరా కప్పి ఉంటుంది, వేలితో జరిపితే వెంట్రుక వెంట సాఫీగా జారిపోతుంది. అలా జారితే ఆ ఇంట్లో కావాల్సింది పేల మందు కాదు. రేపటి నుంచి జడ వదులుగా వేయాలి, అంతే. ఈ గొట్టాలు కనిపించడంలో ఒక మంచి కూడా ఉంది: ఊడే పొర ఉందంటే కుదురు ఇంకా బతికే ఉంది.

మూడోది, చర్మం మీది రంధ్రాలు. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, పలచబడిన పట్టీని చూడాలి. వెంట్రుక లేకపోయినా అది మొలిచే రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తుంటే ఆశ ఉంది. చర్మం నున్నగా, మెరుస్తూ, రంధ్రాల జాడ లేకుండా ఉంటే అక్కడి కుదుళ్ళు చాలావరకు పోయినట్టే. చర్మవైద్యుల దగ్గర డెర్మోస్కోప్ అనే చిన్న పరికరం ఉంటుంది. దానితో ఇదే విషయాన్ని పదింతలు పెద్దదిగా చూసి చెబుతారు. అప్పటికీ అనుమానం మిగిలితే నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున చర్మం ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

ఈ మూడు గుర్తులూ ఒకే ఇంట్లో ఎలా వేరుగా కనిపిస్తాయో చూడటానికి ఒక తల్లినీ కూతురినీ ఉదాహరణగా తీసుకుందాం. ఊరు భీమవరం దగ్గర. ఇది ఊహించిన ఉదాహరణే, కానీ ఇందులోని ప్రతి వివరమూ డెల్టాలో ఏ వీధిలోనైనా దొరికేదే. కూతురికి పదిహేనేళ్ళు, పదో తరగతి. బడి నియమం రెండు జడలు, మడిచి రిబ్బన్లు. ఉదయం ఆరింటికి ట్యూషన్‌కు వెళ్ళే ముందు తల్లి తలకు కొబ్బరినూనె రాసి, మధ్య పాపిట తీసి, చెవుల పైనుంచి రెండు జడలు అల్లి, మడిచి కడుతుంది. రాత్రి తొమ్మిదింటికి గానీ అవి విప్పరు. రోజుకు పదిహేను గంటలు, వారానికి ఆరు రోజులు. "బిగించకపోతే మధ్యాహ్నానికే ఊడిపోతాయే" అన్నది తల్లి సమాధానం, అది నిజమే కూడా. రెండేళ్ళుగా ఇదే వరస. కణతల దగ్గర వేలెడు వెడల్పున జుట్టు పలచబడింది. ముంగురులు ఉన్నాయి. ఆదివారం తల విప్పితే హాయిగా ఉంటుంది, సోమవారం సాయంత్రానికి కణతలు సలుపుతాయి. నాలుగైదు పొక్కులు. తెల్ల గొట్టాలు వేలికి జారుతున్నాయి. రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

తల్లికి నలభై రెండు. పదిహేనేళ్ళుగా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పని. సరుకులో ఒక్క వెంట్రుక పడినా ఊరుకోరు కాబట్టి జుట్టంతా వెనక్కి లాగి గట్టి ముడి వేసి, దాని మీద వల టోపీ పెట్టుకోవాలి. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు జుట్టు చాలక సవరం కలిపి జడ వేసుకుంటుంది. ఆమె కణతల మీద మూడు వేళ్ళ వెడల్పున జుట్టు లేదు. ముందు భాగంలో చర్మం నున్నగా మెరుస్తుంది. అంచున అక్కడక్కడ రెండు మూడు ముంగురులు మిగిలాయి. పొక్కులు లేవు, నొప్పి లేదు. "నాకూ చిన్నప్పుడు ఇలాగే నొప్పి ఉండేది, ఇప్పుడు తగ్గిపోయింది" అని ఆమె కూతురికి ధైర్యం చెబుతుంది. ఆ మాట దగ్గర ఆగాలి. ఆమెకు నొప్పి తగ్గింది లాగుడు తగ్గినందువల్ల కాదు, ముడి అంతే బిగుతుగా ఉంది. నొప్పి పుట్టడానికీ వాయడానికీ అక్కడ కుదుళ్ళు మిగల్లేదు. ఈ జబ్బులో నొప్పి పోవడాన్ని నయమైనట్టు లెక్క వేయకూడదు. లాగుడు తగ్గకుండా, జుట్టు తిరిగి రాకుండా నొప్పి మాత్రమే పోయిందంటే అది ఆఖరి దశకు చేరిన గుర్తు.

అయినా తల్లి తల మీద కూడా అంతా పోలేదు. నున్నటి పట్టీకి వెనక, ఒత్తైన జుట్టు మొదలయ్యే చోట, అరంగుళం మేర వెంట్రుకలు సన్నగా, పలచగా ఉన్నాయి, అక్కడ రంధ్రాలు కనిపిస్తున్నాయి. కొన్నిటి మొదట్లో తెల్ల గొట్టాలూ ఉన్నాయి. ఇప్పుడు ముడి బరువంతా పడుతున్నది ఈ వరస మీదే. ముందు వరస పోయాక దాని వెనకది అంచు అవుతుంది, అదీ పోతే మరొకటి. నుదురు ఏటికేడాదీ వెనక్కి జరుగుతున్నట్టు కనిపించేది అందుకే. ఆమెకు ఇవాళ చేయగలిగిన వైద్యమంతా ఈ అరంగుళానిదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నుదుటి అంచున జుట్టు పోయినదంతా లాగుడు వల్లేనని తీర్మానించకూడదు. నడివయసు దాటిన స్త్రీలలో ఫ్రంటల్ ఫైబ్రోసింగ్ అలోపేషియా అనే మరో జబ్బు కూడా నుదుటి గీతనే వెనక్కి జరుపుతుంది. అందులో ముంగురులు మిగలవు, సన్న వెంట్రుకలూ పోతాయి, తరచూ కనుబొమలు కూడా పలచబడతాయి. ముడి వదులు చేసినా అది ఆగదు, మందు కావాలి. కాబట్టి కనుబొమలు కూడా ఊడుతుంటే ఇంట్లో తేల్చుకోకుండా చర్మవైద్యుణ్ణి కలవాలి. అలోపేషియా ఏరియాటా, అంటే జనం పేనుకొరుకుడు అనేది, చెవుల చుట్టూ మెడ వెనక అంచు వెంట ఒక పట్టీలా రావచ్చు. అది సాధారణంగా నొప్పీ పొక్కులూ లేకుండా, కొద్ది వారాల్లోనే నున్నగా ఊడుతుంది. టైఫాయిడ్, డెంగీ జ్వరాల తర్వాతా, కాన్పు తర్వాతా రెండు మూడు నెలలకు గుప్పెళ్ళతో ఊడేది తల మొత్తం నుంచి ఊడుతుంది, దానంతట అదే ఆగుతుంది. కానీ జ్వరం తర్వాత జుట్టు పలచబడిన అమ్మాయికి, పలచదనం దాచాలని మరింత బిగించి జడ వేస్తే రెండూ కలుస్తాయి. అలా కలిసినప్పుడు తల మొత్తం కోలుకున్నా కణతలు కోలుకోవు.

కూతురి విషయానికి వస్తే ఆమెకు మొదటి మందు జడ మార్చడమే, మిగతావన్నీ దాని తర్వాతే. బడి నియమాన్ని కాదనక్కర్లేదు. నియమం రెండు జడలు, రిబ్బన్లు అంటుంది, బిగువెంతో చెప్పదు. జడను చెవుల పైనుంచి కాకుండా చెవుల కింద, మెడ దగ్గర మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు అల్లికలు వదులుగా వేసి, వేలు దూరేంత సందు వదిలి, బిగువంతా కింద, రిబ్బను దగ్గర పెట్టుకోవచ్చు. మడిచిన జడ చివరను చెవి దగ్గర కుదుళ్ళకు కట్టకుండా జడకే కట్టవచ్చు. తలంటుకున్న రోజున తడి మీద అల్లకూడదు. తడి వెంట్రుక సులభంగా సాగుతుంది, సులభంగా తెగుతుంది. ముంగురులను వదిలేయాలి, ఎగురుతుంటే ఎగరనివ్వాలి. ఇంటికి రాగానే విప్పేయాలి, రాత్రి వదులు జడతోనో జుట్టు విరబోసుకునో పడుకోవాలి. అల్లడం అయ్యాక కనుబొమలు పైకెత్తి చూసుకుంటే చాలు. నుదుటి చర్మం లాగినట్టు ఉంటే, కణతల దగ్గర కుదుళ్ళ చుట్టూ చర్మం చిన్న గుడారాల్లా లేచి కనిపిస్తే, అప్పటికప్పుడు విప్పి మళ్ళీ వేయాలి.

పొక్కుల్లో చీము ఉంటే, ఎరుపు రెండు వారాల్లో తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వాపు తగ్గడానికి పూత మందు స్టెరాయిడ్‌నో, అంచు వెంట చర్మంలోకి ఇచ్చే ఇంజెక్షన్‌నో, కొన్నిసార్లు నోటి ద్వారా యాంటీబయాటిక్‌నో రాస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి నుదుటి అంచున పూస్తే చర్మం పలచబడి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి. అది ఒక నష్టం మీద మరో నష్టం. మినాక్సిడిల్ పూత మందు రెండు, ఐదు శాతం బలాల్లో దొరుకుతుంది. సన్నబడిన కుదురును లావు వెంట్రుక వైపు నెట్టడానికి అది పనికొస్తుంది, లేని కుదురును పుట్టించలేదు. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మొదటి వారాల్లో రాలడం కొంచెం పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ వైద్యుడు చెప్పకుండా వాడకూడదు. కొబ్బరినూనె వెంట్రుకను కాపాడుతుంది, తలంటుకునేటప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుంది. కుదురును మాత్రం బతికించదు. నూనె రాసే నెపంతో అంచును గట్టిగా రుద్దితే అది కూడా లాగుడే.

జడ వదులు చేశాక కూతురి తల మీద ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే రెండు నెలలకే విసుగొచ్చి పాత పద్ధతికి వెళ్ళిపోతారు. సలుపు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తెల్ల గొట్టాలూ పొక్కులూ కొన్ని వారాల్లో పోతాయి. జుట్టు మాత్రం అప్పుడే రాదు. విశ్రాంతిలోకి వెళ్ళిన కుదుళ్ళు తమ మూడు నెలల గడువు పూర్తి చేసుకోవాలి. ఆ తర్వాత నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే జనవరిలో మార్చిన జడకు ఏప్రిల్ దాకా కంటికి పెద్ద తేడా ఉండదు. జూలైకి కణతల మీద మూడు సెంటీమీటర్ల కొత్త వెంట్రుకలు నిలబడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే అవి జడలోకి అందడం మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే బడి మళ్ళీ ఊపందుకుని ఉంటుంది. చాలామందిలో వచ్చిన జుట్టు మళ్ళీ పోయేది ఈ దశలోనే. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వైపు నుంచి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, కనుబొమ చివరి నుంచి మొదటి ఒత్తు వెంట్రుక దాకా టేపుతో కొలిచి రాసుకుంటే, వచ్చేదీ పోయేదీ అనుమానానికి తావు లేకుండా తెలుస్తుంది.

తలనీలాల సంగతి చెప్పకుండా ఈ ప్రాంతంలో జుట్టు గురించి రాయలేం. ద్వారకా తిరుమలలోనో తిరుపతిలోనో గుండు చేయించాక జుట్టు ఒత్తుగా వచ్చిందని చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కుదుళ్ళు బతికి ఉన్న చిన్నపిల్ల తలకు గుండు చేయిస్తే, మళ్ళీ జడకు అందేంత జుట్టు వచ్చేసరికి ఏడాది పైన పడుతుంది. ఆ ఏడాదీ లాగుడు లేదు. కోలుకున్నది ఆ విరామం వల్ల, కత్తి వల్ల కాదు. కోసిన చేలో దుబ్బు ఉంటేనే పిలక వస్తుంది. తల్లి కణతల మీద ఎన్నిసార్లు గుండు చేయించినా, కుదురు లేనిచోట మొలకెత్తేది ఏమీ ఉండదు. మొక్కు మొక్కుగా తీర్చుకోవచ్చు, వైద్యంగా దాన్ని నమ్ముకుని మరో రెండేళ్ళు పోగొట్టుకోకూడదు.

పండగ జడల మీద కూడా అనవసరపు నింద పడుతుంది. కడియపులంక పూల మార్కెట్ నుంచి తెచ్చిన మల్లెమొగ్గలతో వేసవిలో ఒకసారి పూలజడ వేసి ఫొటో తీయించుకుంటే కుదుళ్ళు చావవు. పెళ్ళిలో జడగంటలు, నాగరం, సవరంతో ఒక పూట భరించిన బరువు తలనొప్పి తెచ్చినా శాశ్వత నష్టం చేయడం అరుదు. ఈ జబ్బు ఒక రోజు బరువుతో రాదు, రోజూ పడే బిగువుతో వస్తుంది. వారానికి నాలుగు రోజులు నాట్య సాధన ఉండి, ప్రతిసారీ సవరం కలిపి బిగించిన జడ వేసుకునే అమ్మాయి సంగతి వేరు. సాధన రోజుల్లో సవరం లేకుండా వదులు జడ చాలు, సవరం ప్రదర్శన రోజుకు దాచుకోవచ్చు. అన్నిటికంటే ప్రమాదం స్ట్రెయిటనింగ్ చేయించిన జుట్టును బిగించడం. రసాయనంతో బలహీనపడిన వెంట్రుక మీద లాగుడు పడితే నష్టం చాలా వేగంగా జరుగుతుంది. దక్షిణాఫ్రికాలో జరిగిన సర్వేల్లో బడి ఆడపిల్లల్లో సుమారు 17 శాతం మందికీ, పెద్ద స్త్రీలలో సుమారు 32 శాతం మందికీ ఈ జబ్బు కనిపించింది. ఆ దేశపు జుట్టు రకం, జడ పద్ధతులు వేరు కాబట్టి ఆ అంకెలను గోదావరి జిల్లాలకు అంటగట్టకూడదు. కానీ రసాయనమూ బిగువూ కలిస్తే ముప్పు పెరుగుతుందన్న విషయం ఏ జుట్టుకైనా వర్తిస్తుంది. భీమవరం, అమలాపురం పార్లర్లలో పెళ్ళికి ముందు స్మూతెనింగ్ చేయించుకుని, మర్నాటి నుంచి గట్టి పోనీటెయిల్ వేసే అమ్మాయిలకు ఈ మాట చెప్పేవాళ్ళు ఉండాలి.

తల్లికి ముడి తప్పదు, ఉద్యోగం అలాంటిది. కానీ ప్లాంటుకు కావాల్సింది వెంట్రుక బయటికి రాకపోవడం. ఆ పని వల టోపీ చేస్తుంది, బిగుతు ముడి కాదు. జుట్టును మెడ మీద వదులు జడగా అల్లి, చుట్టి, రబ్బరు బ్యాండుకు బదులు గుడ్డ బ్యాండు వేసి, దాని మీద టోపీ సరిగ్గా అంచుల దాకా లాక్కుంటే నియమమూ నిలుస్తుంది, కణతల మీద లాగుడూ తగ్గుతుంది. టోపీ ఎలాస్టిక్ రోజూ ఒకే గీత మీద నొక్కకుండా కాస్త ముందుకో వెనక్కో మార్చుకోవాలి. ఆ అరంగుళం వరసకు వైద్యుడి సలహాతో మినాక్సిడిల్ వాడి ఆరు నెలల నుంచి ఏడాది చూడాలి. ఏడాదికి కూడా ముందరి నున్నటి పట్టీలో ఏమీ రాకపోతే అది శాశ్వతమని ఒప్పుకుని, ఇక నూనెల మీదా, లేపనాల మీదా డబ్బు పోయడం ఆపాలి. అక్కడ మిగిలిన దారి జుట్టు మార్పిడి ఒక్కటే. తల వెనక భాగం నుంచి కుదుళ్ళు తీసి ముందు నాటుతారు. వాపు పూర్తిగా ఆగి, లాగుడు మాని, కొన్ని నెలలుగా గీత కదలకుండా ఉన్నప్పుడే మంచి వైద్యుడు దానికి ఒప్పుకుంటాడు. మచ్చ పడిన చర్మంలో రక్తప్రసరణ తక్కువ ఉంటే నాటినవన్నీ నిలవకపోవచ్చు. నాటిన వెంట్రుకలకు లాగుడును తట్టుకునే ప్రత్యేక బలమేమీ ఉండదు, పాత ముడి మళ్ళీ వేస్తే అవి కూడా ఊడతాయి. అందుకే శస్త్రచికిత్సకు ఖర్చు లెక్క వేసే ముందు వైద్యుడు ఆమెను మొదట అడగాల్సింది ఇప్పుడు ముడి ఎలా వేసుకుంటున్నారు అని.